ఈనిన మర్నాడే ఆవు కూలబడితే

ఒక ఆవును ఊహించుకుందాం. పలమనేరు, పుంగనూరు వైపు పాడి ఉన్న ఏ ఊరికి వెళ్లినా ఇలాంటిది కనిపిస్తుంది. హెచ్.ఎఫ్. సంకరజాతి, నాలుగో ఈత. పోయిన ఈతలో రోజుకు 18 లీటర్లు ఇచ్చింది. ఈసారి సాయంత్రం ఆరింటికి ఏ ఇబ్బందీ లేకుండా ఈనింది. రెండు గంటల్లో మాయ వేసింది. పొదుగు బిగిసి ఉందని రాత్రి 10 లీటర్ల జున్నుపాలు చుక్క మిగల్చకుండా పిండేశారు. ఇంటిల్లిపాదీ సంతోషంగా పడుకున్నారు.

తెల్లవారి పాకలోకి వెళ్లేసరికి ఆవు నిలబడే ఉంది గానీ దాణా ముట్టలేదు. వెనక కాళ్లు ఒకచోట నిలపకుండా అటూ ఇటూ మారుస్తోంది. తొడల దగ్గర, భుజాల దగ్గర కండ సన్నగా అదురుతోంది. పళ్లు కొరుకుతోంది. దగ్గరకు వెళితే ఉలిక్కిపడుతోంది. ఈనిన అలసటలే అనుకున్నారు. ఎనిమిదింటికి తూలుతూ రెండడుగులు వేసి కూలబడింది. పదింటికి మెడను పక్కకు తిప్పి తలను డొక్క మీద వాల్చేసింది. లేపబోతే లేవలేదు. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పక్కింటాయన వచ్చి జ్వరం సూది వేయించమన్నాడు. ఇంకొకరు సీసాతో బెల్లం నీళ్లు పోయమన్నారు.

ఆ రెండు సలహాలూ తప్పే. రెండోది ప్రాణం మీదికి తెచ్చేది. డాక్టరుగారు వచ్చి థర్మామీటరు పెడితే 98 డిగ్రీలు చూపించింది. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు 101.5 డిగ్రీల దాకా ఉండాలి. దీన్ని పాల జ్వరం అనే అంటారు గానీ ఇందులో ఒంటి వేడి పెరగదు, తగ్గుతుంది. ఆయన అడిగిన ప్రశ్నలు మూడే: “ఎన్నో ఈతమ్మా? రాత్రి ఎన్ని పాలు తీశారు? చూడి మీద ఉన్నప్పుడు కాల్షియం పట్టించారా?”

“పట్టించకుండా ఎలా ఉంటాం సార్? రెండు నెలల నుంచి రోజూ 100 ఎం.ఎల్. పడుతూనే ఉంది. ఎముకలకు బలమని మందుల షాపులో చెప్పారు” అందా ఇల్లాలు.

జవాబు వినగానే డాక్టరు ముఖం మారింది. రెండు నెలలు కాల్షియం తాగిన ఆవు కాల్షియం చాలక పడిపోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ రోగాన్ని అర్థం చేసుకోవాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

లెక్క చాలా చిన్నది. ఆవు రక్తంలో ఏ క్షణాన చూసినా ఉండే కాల్షియం అంతా కలిపి 2, 3 గ్రాములకు మించదు. లీటరు జున్నుపాలలో సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. మామూలు పాలలో అది లీటరుకు 1.2 గ్రాముల దాకా ఉంటుంది. మన ఆవు ఆ రాత్రి ఇచ్చిన 10 లీటర్లలో సుమారు 20 గ్రాములు పోయింది. అంటే రక్తంలో ఉన్నదానికి ఏడెనిమిది రెట్లు ఒక్క పూటలో బయటికి వెళ్లింది. ముందు రోజు దాకా ఆవుకు ఇంత అవసరం లేదు. కడుపులో దూడ ఎముకలకూ తన ఒంటికీ కలిపి ఆ నాలుగో మూడో వంతు సరిపోయేది. ఈనిన రోజున గిరాకీ ఒక్కసారిగా మూడు నాలుగు రెట్లవుతుంది.

ఆవు ఒంట్లో కాల్షియానికి కొదవ ఉండదు. అస్థిపంజరంలో కిలోల కొద్దీ ఉంది. దాన్ని ఎముక నుంచి కరిగించి రక్తంలోకి తేవడం, మేతలో ఉన్నదాన్ని పేగుల నుంచి ఎక్కువగా పీల్చుకోవడం, మూత్రంలో పోకుండా ఆపడం అనే మూడు పనులూ ఒక హార్మోను ఆజ్ఞతో నడుస్తాయి. మెడ దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు దాన్ని వదులుతాయి. అది మూత్రపిండాలను తట్టి విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్పిస్తుంది, ఆ విటమిన్ పేగులను కదిలిస్తుంది. ఇదంతా క్షణాల్లో జరిగే పని కాదు. పేగులు పూర్తిగా స్పందించడానికి దాదాపు ఒక రోజు, ఎముక కరగడం ఊపందుకోవడానికి రెండు రోజులు పడుతుంది. పాలు మాత్రం ఆ రెండు రోజులు ఆగవు.

ఇప్పుడు ఆ కాల్షియం సీసా దగ్గరికి వద్దాం. వట్టిపోయిన రోజుల్లో అవసరానికి మించి కాల్షియం అందుతుంటే ఆ హార్మోనుకు పని ఉండదు. రోజూ ట్యాంకరు నీళ్లు వాకిట్లోకి వస్తుంటే ఇంట్లో బోరు మోటారును ఎవరూ తిప్పరు. ఆర్నెల్లకు తిప్పబోతే అది తిరగదు. ఈనిన రోజున ఆవు ఒంట్లో జరిగేది అదే. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సీసా లేబులు ఓసారి చదవండి. మార్కెట్లో దొరికే చాలా ద్రావణాల్లో 100 ఎం.ఎల్.కు ఉండే కాల్షియం 2, 3 గ్రాములే. ఈనే ముందు తాగితే హార్మోనును బద్ధకింపజేసే దారిలోకి మరో చెయ్యి వేస్తుంది, ఈనిన రోజున తాగితే 20 గ్రాముల లోటుకు ఏ మూలకూ చాలదు. పాడి ఇళ్లల్లో ఆ సీసాల మీద పోతున్న డబ్బులో ఎక్కువ భాగం అనవసరపు ఖర్చేనని నా అభిప్రాయం.

కాల్షియం ఒక్కటే దోషి అనుకున్నా పొరపాటే. ఇటీవలి దశాబ్దాల్లో శాస్త్రవేత్తలు ఎక్కువ వేలు చూపించేది పొటాషియం వైపు. పేడ నీళ్లు, పొటాష్ ఎరువు బాగా పడిన మడిలో పెరిగిన నేపియర్ గడ్డి, లూసర్న్ లాంటి మేతల్లో పొటాషియం చాలా ఉంటుంది. అది రక్తాన్ని కాస్త క్షారం వైపు నెడుతుంది. రక్తం ఆ గుణంలో ఉన్నప్పుడు హార్మోను వచ్చి పిలిచినా ఎముక, మూత్రపిండం సరిగ్గా పలకవు. అంటే గ్రంథి పని చేస్తున్నా ఫలితం రాదు. దాణాలో తినేసోడా కలిపే అలవాటు కూడా ఇదే పని చేస్తుంది. పాలిచ్చే ఆవుకు అరుగుదల కోసం ఇచ్చే సోడా, ఈనబోయే ఆవుకు చేటు. మెగ్నీషియం తగ్గినా హార్మోను సరిగ్గా విడుదల కాదు, విడుదలైనా సరిగ్గా పని చేయదు.

ఏ ఆవులకు ఎక్కువ వస్తుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. తొలిచూలు పెయ్యలకు దాదాపు రాదు. వాటి ఎముకలు ఇంకా పెరిగే దశలో ఉంటాయి కాబట్టి కాల్షియం త్వరగా కదులుతుంది, పాలూ తక్కువ. మూడో ఈత నుంచి ప్రమాదం పెరుగుతూ పోతుంది. జెర్సీ రక్తం ఉన్న ఆవులకు మిగతావాటికంటే ఎక్కువ. బాగా కొవ్వుపట్టిన ఆవులకూ ఎక్కువే. పోయిన ఈతలో ఒకసారి పడిన ఆవు మళ్లీ పడటానికి అవకాశం ఎక్కువ. పాలు బాగా ఇచ్చే ముర్రా గేదెలకు కూడా ఇది వస్తుంది, లక్షణాలూ వైద్యమూ ఇవే. పాలు తక్కువిచ్చే నాటు ఆవుల్లో మాత్రం అరుదు.

గుర్తించడంలో అన్నిటికంటే విలువైన సమయం మొదటి కొన్ని గంటలు. ఎక్కువ కేసులు ఈనిన 24 గంటల్లో, చాలావరకు 72 గంటల్లోపు వస్తాయి. కొన్ని ఈనే సమయంలోనే మొదలవుతాయి. అప్పుడు నొప్పులు సన్నగిల్లి ఈత ఆగిపోతుంది, మనం దూడ అడ్డం తిరిగిందేమోనని కంగారుపడతాం. మొదటి దశలో మన ఆవు తెల్లవారి చేసినవన్నీ ఉంటాయి: కండ అదరడం, పళ్లు కొరకడం, కాళ్లు మారుస్తూ ఉండటం, ఉలిక్కిపాటు, మేత మానడం. ఇది గంట కూడా ఉండకపోవచ్చు. ఆ గంటను పట్టుకున్న రైతుకు వైద్యం చాలా తేలిక.

రెండో దశలో కూర్చుంటుంది. రొమ్ము మీద కూర్చునే ఉంటుంది గానీ మెడలో ఒక వంకర కనిపిస్తుంది, తర్వాత తల డొక్క వైపు వాలిపోతుంది. మనం చేత్తో తలను ముందుకు తెచ్చి వదిలితే మళ్లీ పక్కకే పోతుంది. ముట్టె పొడిబారుతుంది, ఆరోగ్యంగా ఉన్న ఆవు ముట్టె మీద చెమట బిందువులు ఉంటాయి, అవి మాయమవుతాయి. కంటి పాప పెద్దదై వెలుతురుకు కదలదు. పేడ, మూత్రం ఆగిపోతాయి. నెమరు ఉండదు, ఎడమ డొక్క ఉబ్బుతుంది. ఈ దశ చాలా గంటలు సాగవచ్చు. మూడో దశలో పక్కకు పూర్తిగా వాలి కాళ్లు చాపేస్తుంది, స్పృహ తప్పుతుంది. గుండె చప్పుడు వినబడీ వినబడకుండా వేగంగా కొట్టుకుంటుంది. అక్కడి నుంచి చికిత్స అందకపోతే కొన్ని గంటల్లోనే చనిపోతుంది.

కండరం ముడుచుకోవడానికి కాల్షియం కావాలి కాబట్టి ఈ లక్షణాలన్నీ కండరాలవే: కాళ్లవి, పేగులవి, గర్భాశయానివి, చివరికి గుండెవి. అందుకే కూలబడకుండా లోలోపల కాల్షియం కాస్త తగ్గిన ఆవుల్లో కూడా మాయ పడకపోవడం, గర్భాశయం బయటికి రావడం, మేత మందగించడం కనిపిస్తాయి. చన్ను కొనలో రంధ్రాన్ని మూసే కండరమూ సడలుతుంది, దాంతో పొదుగువాపు సులభంగా వస్తుంది. పాడి రైతుకు నష్టం చూస్తే కూలబడిన ఒక్క ఆవు కంటే, నిలబడే ఉండి నలతపడిన ఆవులు ఎక్కువ చేస్తాయి. రక్త పరీక్ష చేయిస్తే తప్ప వాటి సంగతి బయటపడదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈనిన తర్వాత లేవని ప్రతి ఆవుకూ పాల జ్వరమే ఉండదు. దూడ పెద్దదై లాగి తీసిన ఆవుకు తొడ నరం దెబ్బతిని వెనక కాళ్లు విడిపోతాయి. అలాంటి ఆవు కళ్లు చురుగ్గా ఉంటాయి, మేత కూడా తింటుంది. పొదుగులో ఒక భాగం వేడెక్కి, నీళ్లలాంటి పాలో రక్తమో వస్తుంటే అది విషమించిన పొదుగువాపు. ఫాస్ఫరస్ తగ్గిన ఆవు మెలకువగానే ఉండి, పాకుతూ లేవబోతుంది. పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటూ మూర్ఛలా వస్తే మెగ్నీషియం లోపం అనుమానించాలి. పాల జ్వరంలో ఆవు మబ్బుగా, చల్లగా ఉంటుంది. చెవిని పట్టుకుని చూడటం, థర్మామీటరు పెట్టడం, పొదుగు నాలుగు చన్నులూ పిండి చూడటం డాక్టరు వచ్చేలోపు ఇంట్లోవాళ్లు చేయగలిగినవే.

ఈలోపు చేయాల్సినవీ, చేయకూడనివీ ఉన్నాయి. నోట్లో ఏదీ పోయకండి. నీళ్లు, బెల్లం, నూనె, కషాయం, కాల్షియం ద్రావణం ఏదైనా సరే. మింగే కండరాలు పనిచేయవు కాబట్టి పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాల్షియం లోపానికి మందు ఉంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నూనెకు లేదు. ఆవును పక్కకు పడనివ్వకండి. రెండు వైపులా ఇసుక బస్తాలో గడ్డిమోపులో ఆనించి రొమ్ము మీద కూర్చునేలా ఆపండి. పక్కకు పడితే కడుపు ఉబ్బి, నెమరు పైకి వచ్చి ఊపిరి ఆడదు. సిమెంటు గచ్చు మీద ఉంటే కింద మందంగా గడ్డి పరవండి, రెండు మూడు గంటలకోసారి బరువు మోస్తున్న కాలి వైపును మార్చండి. 450 కిలోల ఒళ్లు ఒకే తొడ మీద గంటల తరబడి పడితే ఆ కండ చచ్చుబడుతుంది. తర్వాత కాల్షియం ఎంత ఎక్కించినా ఆ ఆవు లేవదు. ఎండలో ఉంటే నీడ కల్పించండి. తోక పట్టుకుని లాగి లేపే ప్రయత్నం వద్దు.

డాక్టరు చేసే వైద్యం చూస్తే అద్భుతంలా ఉంటుంది. కాల్షియం బోరోగ్లూకోనేట్ ద్రావణం 450 ఎం.ఎల్. సీసాను మెడ రక్తనాళంలోకి ఎక్కిస్తారు. 25 శాతం ద్రావణంలో దాని ద్వారా లోపలికి వెళ్లే కాల్షియం 8, 9 గ్రాములు. సీసాను గోరువెచ్చగా చేసి, 10 నుంచి 20 నిమిషాల పాటు నెమ్మదిగా వదులుతూ, మరో చేత్తో స్టెతస్కోపు గుండె మీద ఉంచుతారు. గుండె లయ తప్పితే వెంటనే ఆపుతారు. వేగంగా వెళితే ఆ కాల్షియమే గుండెను ఆపేస్తుంది. అందుకే మందుల షాపులో సీసా కొని, చేయి తిరిగిన వాళ్లమనుకుని ఇంట్లోనే నరంలోకి ఎక్కించే పని చేయకండి.

సీసా సగమయ్యేసరికి మార్పు కనిపిస్తుంది. ముందు కండ అదురుతుంది. తర్వాత తేన్పు వస్తుంది, కడుపులోంచి గాలి బయటికి వస్తుంది. పేడ వేస్తుంది, మూత్రం పోస్తుంది. ముట్టె మీద చెమట బిందువులు తేలతాయి. చెవులు వెచ్చబడతాయి. మన ఆవు పూర్తి సీసా అయ్యాక అరగంట కూర్చునే ఉంది, తర్వాత ముందరి మోకాళ్ల మీద ఊగి, వెనక భాగం ఎత్తి, లేచి నిలబడి దూడ వైపు తల తిప్పి అరిచింది. చాలా ఆవులు రెండు గంటల్లోపే లేస్తాయి.

అయితే కథ అక్కడితో అయిపోదు. నాలుగింట ఒక వంతు ఆవులు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కూలబడతాయి. నరంలోకి ఎక్కించిన కాల్షియం కొన్ని గంటలు మాత్రమే ఉంటుంది. పైగా అది ఒక్కసారిగా రక్తాన్ని నింపేసరికి, అప్పుడే మేలుకుంటున్న హార్మోను మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. అందుకే చాలామంది డాక్టర్లు కొంత చర్మం కింద కూడా ఎక్కిస్తారు, అక్కడి నుంచి అది నిదానంగా రక్తంలోకి చేరుతుంది. ఆవు లేచి, చక్కగా మింగుతున్నాక నోటి ద్వారా కాల్షియం జెల్ ఇవ్వడం మేలు. ఒక గొట్టంలో సుమారు 50 గ్రాముల కాల్షియం ఉండే జెల్‌లు దొరుకుతున్నాయి. నిలబడి తిరుగుతున్న ఆవుకు ముందు జాగ్రత్తగా నరంలోకి ఎక్కించమని అడగకండి, దానివల్ల మేలు కంటే చెడే ఎక్కువ.

ఈ వైద్యానికి ముందున్న చరిత్ర ఆసక్తికరం. 19వ శతాబ్దం దాకా యూరప్ పశువైద్యులకు ఇది పొదుగులో పుట్టే విషమో, ఏదో క్రిమో అన్న అనుమానం ఉండేది. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్ పట్టణపు పశువైద్యుడు యుర్గెన్ స్మిట్ ఆ విషాన్ని చంపాలని పొదుగులోకి పొటాషియం అయొడైడ్ ద్రావణం ఎక్కించాడు. ఆవులు లేచి నిలబడ్డాయి. కొన్నేళ్లకు వట్టి గాలి ఎక్కించినా అదే ఫలితం వస్తుందని తేలింది. మందు పనిచేయలేదు, పొదుగు నిండిన ఒత్తిడి వల్ల పాలు దిగడం ఆగింది, కాల్షియం బయటికి పోవడం ఆగింది. కారణం తెలియకపోయినా వైద్యం కుదిరింది. 1925లో స్కాట్లాండ్‌లో డ్రైయర్, గ్రెగ్ అనే శాస్త్రవేత్తలు ఇది రక్తంలో కాల్షియం తగ్గడం వల్లేనని చెప్పారు. గాలి ఎక్కించే పద్ధతి ఇప్పుడు వాడకండి. శుభ్రంగా చేయకపోతే పొదుగువాపు ఖాయం, చన్నులు పాడవుతాయి.

పాల ఒత్తిడి అన్న ఆ పాత సంగతిలోంచే ఒక సలహా మిగిలింది. ఈనిన మొదటి రోజు పొదుగును చుక్క లేకుండా పిండకుండా, దూడకు కావలసినంత జున్నుపాలూ ఇంకొంచెమూ మాత్రం తీసి మిగతావి ఉంచమంటారు. పూర్తిగా ఆపుతుందా అన్నదానిపై పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయినా పోయిన ఈతలో పడిన ఆవుకు, ఎక్కువ పాలిచ్చే ముసలి ఆవుకు ఒక రోజు ఇలా చేయడం వల్ల పోయేదేమీ లేదు. దూడకు మాత్రం లోటు చేయకండి, పుట్టిన మొదటి గంటల్లోనే రెండు మూడు లీటర్ల జున్నుపాలు దానికి అందాలి.

రాకుండా చూసుకోవడం ఈనే ముందు మూడు వారాల మేతలో ఉంది. ఆ మూడు వారాలు ఎప్పుడు మొదలవుతాయో తెలియాలంటే సూది వేయించిన తేదీ రాసిపెట్టుకోవాలి. గోపాలమిత్ర వచ్చి సూది వేసిన రోజునే గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టండి. ఆవుకు 280 రోజులు, గేదెకు 310 రోజులు లెక్క. ఆ తేదీకి 21 రోజుల ముందు మేత మార్చాలి.

మార్పు ఎలాగంటే, లూసర్న్, అలసంద, సుబాబుల్ ఆకు లాంటి పప్పుజాతి మేతలు ఆ మూడు వారాలు ఆపేయండి. వాటిలో కాల్షియం, పొటాషియం రెండూ ఎక్కువ. 10 కిలోల పచ్చి లూసర్న్‌లో దాదాపు 25 గ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పచ్చి మొక్కజొన్న చొప్పలో అందులో మూడో వంతు ఉండదు. పేడ నీళ్లు పారించిన నేపియర్ మడిని పాలిచ్చే ఆవులకు వదిలి, చూడి ఆవుకు వరిగడ్డి, జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప పెట్టండి. తినేసోడా, సున్నపు నీళ్లు, కాల్షియం సీసాలు ఈ మూడు వారాలు పక్కన పెట్టండి. ఖనిజ లవణ మిశ్రమం లేబులు ప్రకారం రోజుకు 50 గ్రాములు ఇవ్వడంలో ఇబ్బంది లేదు, అదనంగా కాల్షియం ఇవ్వకపోవడమే ముఖ్యం. దాణా మాత్రం తగ్గించకండి. రోజుకు 2, 3 కిలోలు క్రమంగా పెంచుకుంటూ పోవాలి, లేకపోతే ఈనాక ఆకలి తగ్గిన ఆవు ఒంటి కొవ్వు కరిగించుకుని వేరే జబ్బు తెచ్చుకుంటుంది. ఒంటి మీద కొవ్వు మితంగా ఉండాలి; తోక మొదట్లో ఎముక చుట్టూ కొవ్వు దిబ్బలు కనిపిస్తుంటే అది వట్టిపోయిన రోజుల్లో అతిగా మేపిన గుర్తు.

పెద్ద డెయిరీలు ఒక మెట్టు పైకి వెళ్తాయి. రక్తాన్ని క్షారం నుంచి తటస్థం వైపు తిప్పడానికి దాణాలో ఆమ్ల గుణమున్న లవణాలు కలుపుతారు. అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్ ఇందులో ఉంటాయి. మెగ్నీషియం సల్ఫేట్ అంటే మందుల షాపుల్లో దొరికే ఎప్సమ్ ఉప్పే. రుచి చేదు, కాబట్టి బెల్లంతోనో తౌడుతోనో కలిపితేనే ఆవు ముట్టుకుంటుంది. ఎంత కలపాలన్నది మేత రకాన్ని బట్టి మారుతుంది, ఇది పశువైద్యుడు లేదా దాణా నిపుణుడు లెక్కించాల్సిన పని. సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకునే పరీక్ష మాత్రం ఎవరైనా చేయగలరు. మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు ఆవు మూత్రాన్ని పీహెచ్ కాగితంతో చూడాలి. మానం కింద చర్మాన్ని వేళ్లతో మెల్లగా గీకితే చాలావరకు మూత్రం పోస్తుంది. మొదటి ధారను వదిలేసి మధ్యది చిన్న గ్లాసులో పట్టి కాగితం ముంచాలి. మామూలు మేత తినే ఆవుకు పీహెచ్ 8 చుట్టూ ఉంటుంది. లవణాలు పనిచేస్తుంటే 6 నుంచి 7 మధ్యకు దిగుతుంది. 8 దగ్గరే ఉంటే లవణం చాలలేదు, 5.5 కంటే దిగితే ఎక్కువైంది, ఆవు మేత మానేస్తుంది. ఈనగానే ఈ లవణాలు ఆపేయాలి, అప్పుడు కాల్షియం ఇవ్వాలి.

రెండు మూడు ఆవులున్న ఇంట్లో ఇంత పని కష్టం. అక్కడ మేత మార్చుకోవడం, మూడో ఈత దాటిన ఆవుకు ఈనిన వెంటనే ఒక జెల్, మళ్లీ 12 గంటల తర్వాత రెండోది ఇవ్వడం చాలు. నిలబడి ఉన్నప్పుడు, బాగా మింగుతున్నప్పుడు మాత్రమే ఇవ్వాలి. విటమిన్ డి సూది గురించి కూడా అడుగుతుంటారు. అది ఈనే తేదీకి రెండు నుంచి ఎనిమిది రోజుల ముందు పడాలి. తేదీ తప్పితే పనిచేయదు, తప్పిందని మళ్లీ మళ్లీ వేస్తే విషమవుతుంది. సూది తేదీ సరిగ్గా తెలియని ఇంట్లో నేనైతే దాని జోలికి వెళ్లమని చెప్పను.

మన ఆవు విషయంలో డాక్టరు వెళ్తూ చెప్పిన మాటలు: “రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండమ్మా. మళ్లీ తూలితే రాత్రయినా ఫోన్ చేయండి. ఇవాళ పాలు సగమే తీయండి. వచ్చే ఈతకు ఈ రెండు నెలలూ ఆ కాల్షియం సీసాలు కొనవద్దు.” ఆమె గోడ మీద మసితో రాసింది: నాలుగో ఈతలో పడింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈనిన ఆవు మేత మాని కాళ్లు మారుస్తూ వణుకుతుంటే కూర్చునేదాకా చూడకండి, నిలబడి ఉండగానే ఆ నంబరుకు ఫోన్ చేయండి.